ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో కరెంటు పోతే: ఆధారాలు ఎలా పోగు చేయాలి, రీటెస్ట్ ఎలా అడగాలి

ఇంట్లో కెమెరా ముందు కూర్చుని రాసే పరీక్ష మధ్యలో కరెంటు పోయినా, నెట్ ఆగిపోయినా పరీక్ష సంస్థకు వెంటనే తెలుస్తుంది. మీ కంప్యూటర్‌కూ వాళ్ల సర్వర్‌కూ సంబంధం ఏ సెకనులో తెగిందో వాళ్ల లాగ్‌లో ఉంటుంది. వాళ్లకు తెలియనిది ఎందుకు తెగిందన్నదే. నిజంగా వీధిలో కరెంటు పోయిందా, లేక ప్రశ్నలు కష్టంగా ఉన్నాయని మీరే వైరు పీకేశారా? రీటెస్ట్ ఇవ్వాలా వద్దా అన్నది దీని మీదే తేలుతుంది. కాబట్టి "నా పరీక్ష ఆగిపోయింది" అని నాలుగు మెయిళ్లు పెడితే లాభం లేదు. ఆగిన టైమూ, ఆగిన కారణమూ మీ చేతుల్లో లేవని చూపించాలి. అది కూడా వీలైనంత వరకు మీవి కాని రికార్డులతో.

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సర్టిఫికేషన్ పరీక్షల వ్యవహారం చూస్తుంటాను. వేసవి వచ్చిందంటే ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి. న్యాయంగా రీటెస్ట్ రావాల్సిన పిల్లలు కూడా సరైన కాగితం లేక ఫీజు పోగొట్టుకోవడం చూస్తే బాధగా ఉంటుంది. అందుకే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది వరసగా చెబుతున్నాను.

పరీక్షకు ముందు రోజు

ముందుగా, బుకింగ్ అప్పుడు మీరు టిక్ పెట్టి ఒప్పుకున్న నిబంధనల పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. కనెక్షన్ పోతే ఏం చేయాలి, ఎన్ని రోజుల్లో ఫిర్యాదు చేయాలి, ఫోన్ హాట్‌స్పాట్‌కు మారవచ్చా అన్న మూడూ అందులో వెతకండి. మూడోదాని గురించి స్పష్టంగా లేకపోతే సపోర్ట్‌కు మెయిల్ పెట్టి అడగండి, వచ్చిన జవాబు దాచుకోండి. పరీక్ష మధ్యలో నెట్‌వర్క్ మారితే ఐపీ అడ్రస్ మారుతుంది. కొన్ని సంస్థలు దాన్ని మామూలుగానే తీసుకుంటాయి, కొన్ని అనుమానంగా చూస్తాయి.

తర్వాత కరెంటు బిల్లు తీసి సర్వీసు నంబరు రాసి పెట్టుకోండి. తెలంగాణలో అయితే బిల్లు మీద ఉండే యూనిక్ సర్వీస్ కనెక్షన్ నంబరు, అంటే యూఎస్‌సీ నంబరు కూడా. పరీక్ష రోజు ఉదయం పేపర్ జిల్లా పేజీలో మీ ఏరియాకు కరెంటు నిలిపివేత ప్రకటన ఉందేమో చూడండి. లైన్ పని కోసం సరఫరా ఆపే అనుమతిని ఎల్సీ, అంటే లైన్ క్లియర్ అంటారు; అది తీసుకుంటున్నారా అని లైన్‌మన్‌ను అడిగినా చెబుతారు. ముందే ప్రకటించిన కోత అయితే "తెలిసి కూడా అదే టైముకు ఎందుకు రాశారు" అని సంస్థ అడగవచ్చు. అలాంటప్పుడు స్లాట్ మార్చుకోవడమే మేలు.

ఇక చాలామందికి తట్టని విషయం ఒకటుంది. రౌటర్‌ను ఇన్వర్టర్ లైన్‌కు పెట్టండి. కానీ బ్యాటరీ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను మాత్రం ఇన్వర్టర్ లేని మామూలు ప్లగ్గుకు పెట్టండి. అలా పెడితే కరెంటు పోయిన క్షణంలో ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారుతుంది, ఆ మార్పును విండోస్ టైముతో సహా రాసుకుంటుంది. ఛార్జర్ కూడా ఇన్వర్టర్ మీదే ఉంటే ల్యాప్‌టాప్‌కు కరెంటు పోయిన సంగతే తెలియదు, మీ దగ్గర ఆ రికార్డే ఉండదు.

కరెంటు పోయిన ఆ నిమిషాల్లో

టెన్షన్‌లో చేతులు ముందు ఫోన్ మీదికే వెళ్తాయి. అక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. పరీక్ష విండో తెరిచి ఉన్నంత సేపు ఫోన్ పట్టుకోవడం, స్క్రీన్‌ను ఫొటో తీయడం దాదాపు అన్ని ప్రాక్టరింగ్, అంటే కెమెరాలో అభ్యర్థిని కనిపెట్టి చూసే పద్ధతి నిబంధనల్లోనూ తప్పే. ఎర్రర్ మెసేజ్ ఫొటో తీద్దామనుకుంటే దాని వెనక ప్రశ్న కూడా పడవచ్చు. అప్పుడు రీటెస్ట్ అడగాల్సిన మీరే ప్రశ్నలు బయటపెట్టారన్న ఆరోపణకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

కాబట్టి కుర్చీలోంచి లేవకండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే కెమెరా, మైక్ పని చేస్తూ ఉండవచ్చు. కెమెరా వైపు చూసి గట్టిగా చెప్పండి: "ఇప్పుడు కరెంటు పోయింది, టైము ఆరు నలభై రెండు, నేను సీట్లోనే ఉన్నాను." పరీక్ష ఇంగ్లీషులో అయితే ఇంగ్లీషులోనే చెప్పండి. చాట్ పెట్టె పని చేస్తుంటే అదే మాట టైప్ చేయండి. రికార్డింగ్‌లో ఆఖరి సెకన్లలో ఆ మాట పడి ఉంటే తర్వాత ఎంతో పనికొస్తుంది. కెమెరా కంటికి గదిలో ఫ్యాను ఆగడం, లైటు పోవడం కనిపించినా మంచిదే.

కనెక్షన్ తెగాక, నిబంధనలు అనుమతిస్తే, మొదట వచ్చిన లింక్‌తోనే మళ్లీ చేరడానికి ప్రయత్నించండి. కొత్తగా బుక్ చేయకండి. ప్రాక్టర్ ఫోన్ చేసే పద్ధతి ఉన్న పరీక్ష అయితే ఫోన్ మోగినప్పుడు ఎత్తండి, కానీ మీరుగా ఎవరికీ చేయకండి. సెషన్ ముగిసిందని స్క్రీన్ మీద వచ్చాకో, మళ్లీ చేరే గడువు దాటాకో మాత్రమే లేచి ఫోన్ తీసుకోండి. లేచిన టైము కాగితం మీద రాసి పెట్టుకోండి.

తర్వాతి గంట: ఆధారాలు

మొదటి ఫోన్ 1912కి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కరెంటు ఫిర్యాదుల నంబరు ఇదే. సర్వీసు నంబరు చెప్పి, ఎన్ని గంటలకు పోయిందో చెప్పి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. ఎస్ఎంఎస్ వస్తే దాన్ని చెరిపేయకండి. అప్పటికే కరెంటు వచ్చేసినా ఫోన్ చేయండి. ఆ టైములో కరెంటు పోయిందని మీది కాని గడియారంలో నమోదు కావడమే మనకు కావాలి.

రెండో ఫోన్ నెట్ కంపెనీకి. అయితే దానికి ముందు రౌటర్ దగ్గరికి వెళ్లి లైట్లు చూడండి, ఫోన్‌తో వీడియో తీయండి. ఫైబర్ కనెక్షన్‌లో `LOS` అన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే మీ ఇంటికి వచ్చే ఫైబర్ తెగిందనో, అటువైపు పరికరం ఆగిందనో అర్థం. `PON` పచ్చగా నిలకడగా ఉండి నెట్ రాకపోతే లోపం ఇంకా పైన, కంపెనీ వైపు ఉండే అవకాశం ఎక్కువ. మీ రౌటర్ ఇన్వర్టర్ మీద ఉన్నా నెట్ పోవచ్చు. కేబుల్ ఆపరేటర్ దగ్గరి పరికరానికి బ్యాకప్ లేకపోతే వీధిలో కరెంటుతో పాటే అదీ ఆగుతుంది. ఏ లైటు ఏ రంగులో ఉందో చెప్పి టికెట్ నంబరు తీసుకోండి. "మీ ఏరియాలో అంతరాయం ఉంది" అని వాళ్లు నోటిమాటగా చెబితే సరిపోదు, మెసేజ్‌గానో మెయిల్‌గానో పంపమనండి.

మూడోది మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. స్టార్ట్ మెనూలో `cmd` అని టైప్ చేసి, దాని మీద రైట్ క్లిక్ చేసి, `Run as administrator` ఎంచుకుని ఈ రెండు కమాండ్లు ఇవ్వండి.

```
powercfg /batteryreport /output "C:\Users\Public\battery.html"
netsh wlan show wlanreport
```

మొదటిది బ్యాటరీ రిపోర్ట్. అందులో `Recent usage` అన్న పట్టిక చూడండి. ల్యాప్‌టాప్ ఎప్పుడు కరెంటు మీద, ఎప్పుడు బ్యాటరీ మీద నడిచిందో వరసగా ఉంటుంది. మనకు కావాల్సిన వరసలు ఇలా కనిపిస్తాయి:

```
18:42:17   Active   Battery   96 %
19:21:05   Active   AC        58 %
```

అంటే 6:42కు కరెంటు పోయింది, 7:21కి వచ్చింది. రెండో కమాండ్ ఇచ్చే వైఫై రిపోర్ట్‌లో ఆ మధ్యలో వైఫై ఎప్పుడు తెగిందో, ఎప్పుడు కలిసిందో గ్రాఫ్‌తో సహా ఉంటుంది. ఆ ఫైల్ ఎక్కడ దాచిందో కమాండ్ విండోలోనే చూపిస్తుంది. ఇవి కొద్ది రోజుల చరిత్ర మాత్రమే చూపిస్తాయి కాబట్టి అదే రోజు తీసి, పీడీఎఫ్‌గా కూడా ప్రింట్ చేసి పెట్టుకోండి. వైరు కనెక్షన్ వాడిన వాళ్లకు వైఫై రిపోర్ట్ పనికి రాదు. బ్యాటరీ లేని డెస్క్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతే, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ కింద `Kernel-Power` పేరుతో 41 నంబరు ఎంట్రీ ఉంటుంది. కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని అది చెబుతుంది. అయితే ఆ ఎంట్రీలో ఉండేది మళ్లీ ఆన్ చేసిన టైము, కరెంటు పోయిన టైము కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, లేకపోతే మీ మాటకూ మీ ఆధారానికీ పొంతన కుదరదు.

ఈ ల్యాప్‌టాప్ రిపోర్టులకు ఒక పరిమితి ఉంది. ఛార్జర్‌ను చేత్తో పీకినా బ్యాటరీ రిపోర్ట్‌లో అవే వరసలు పడతాయి. పైగా ఫైల్ మీ చేతిలో ఉంటుంది. అందుకే వీటిని ఒంటరిగా పంపితే సంస్థ పెద్దగా పట్టించుకోకపోవచ్చు. 1912 ఫిర్యాదు నంబరూ, నెట్ టికెట్టూ తోడైతే అప్పుడు బలం వస్తుంది.

కరెంటు ఆఫీసు నుంచి కాగితం

అన్నిటికన్నా గట్టి ఆధారం సబ్‌స్టేషన్ రికార్డు. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ ఫీడర్ నుంచి కరెంటు వస్తుంది. ఆ ఫీడర్ సబ్‌స్టేషన్‌లో ట్రిప్ అయినా, ఎల్సీ ఇచ్చినా ఆపరేటర్ టైముతో సహా లాగ్‌బుక్‌లో రాస్తారు. మర్నాడు ఉదయం మీ సెక్షన్ అసిస్టెంట్ ఇంజినీర్, అంటే ఏఈ ఆఫీసుకు వెళ్లి ఒక చిన్న అర్జీ ఇవ్వండి: "ఫలానా తేదీన సాయంత్రం 6 నుంచి 8 మధ్య మా సర్వీసుకు సరఫరా ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు వచ్చిందో ధ్రువీకరించగలరు." సర్వీసు నంబరు, ఫిర్యాదు నంబరు అందులో రాయండి. పరీక్ష హాల్ టికెట్టో, బుకింగ్ కాగితమో జత చేస్తే ఎందుకు అడుగుతున్నారో ఆయనకు అర్థమవుతుంది. ఆఫీసు స్టాంపుతో రెండు లైన్లు రాసిచ్చినా చాలు. అర్జీ రెండో కాపీ మీద అందినట్టు సంతకం చేయించుకోవడం మరిచిపోకండి.

ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు. ఫీడర్ అంతరాయాల నమోదు కాపీ కావాలని అడగండి. జవాబుకు చట్టం ఇచ్చే గడువు 30 రోజులు, పరీక్ష సంస్థ ఇచ్చే గడువు అంతకంటే చాలా తక్కువ. కాబట్టి ఆ కాగితం కోసం ఆగి ఫిర్యాదు ఆలస్యం చేయకండి. ఫిర్యాదు ముందు పంపి, "విద్యుత్ శాఖ ధ్రువీకరణ రాగానే పంపుతాను" అని రాసి, వచ్చాక జత చేయండి.

ఒకవేళ మీ ఇంట్లోనే ఫ్యూజు పోయి ఉంటే సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో ఏమీ ఉండదు. అప్పుడు ఫీడర్ మాట ఎత్తకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి. ఫ్యూజు వేసిన లైన్‌మన్ వచ్చిన టైము, ఫిర్యాదు పరిష్కారమైందని వచ్చిన మెసేజ్ పెట్టండి. లేని అంతరాయానికి కాగితం సంపాదించాలని మాత్రం చూడకండి. పట్టుబడితే ఈ ఒక్క పరీక్షతో పోదు, ఆ సంస్థ పరీక్షలన్నీ మీకు మూసుకుపోవచ్చు.

ఫిర్యాదు ఎలా రాయాలి

ఈ మధ్య మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి కేసే చెబుతాను. పరీక్ష సాయంత్రం 6:05కు మొదలైంది. 6:42కు కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ లేదు, రౌటర్ ఆగింది. 6:55 దాకా సీట్లోనే ఉండి లేచింది. 6:58కి 1912కి, 7:06కు నెట్ వాళ్లకు ఫోన్ చేసింది. 7:21కి కరెంటు వచ్చాక అదే లింక్ నొక్కితే "మీ సెషన్ ముగిసింది" అని వచ్చింది. రెండు రోజుల తర్వాత ఏఈ ఇచ్చిన కాగితంలో 11 కేవీ ఫీడర్ చెట్టుకొమ్మ పడి ట్రిప్ అయిందనీ, 6:41 నుంచి 7:20 వరకు సరఫరా లేదనీ ఉంది.

ల్యాప్‌టాప్ 6:42 అంటుంటే లాగ్‌బుక్ 6:41 అంటోంది. ఏం చేయాలని కంగారుగా అడిగింది. ఏమీ చేయనక్కర్లేదు. వేర్వేరు గడియారాలు ఒకటి రెండు నిమిషాలు తేడాగా నడవడం మామూలే. రెండూ ఉన్నవి ఉన్నట్టే రాయించాను, తేడా ఎందుకుందో ఒక వాక్యంలో చెప్పించాను. అన్నీ ఒకే నిమిషానికి సరిపోయేలా దిద్దితేనే అనుమానం వస్తుంది.

టైముల విషయంలో ఇంకొకటి. విదేశీ సంస్థల సర్వర్ లాగ్‌లు ఎక్కువగా అంతర్జాతీయ ప్రామాణిక టైము అయిన యూటీసీలో ఉంటాయి. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే మన 6:42 వాళ్ల లాగ్‌లో మధ్యాహ్నం 1:12. రెండూ పక్కపక్కనే రాస్తే చూసే మనిషి లెక్క తప్పడు.

ఫిర్యాదు ఒక పేజీ దాటకూడదు. మొదటి లైన్లో రిజిస్ట్రేషన్ నంబరు, పరీక్ష పేరు, తేదీ, టైము. చాట్‌లో కానీ ఫోన్‌లో కానీ కేసు నంబరు ఇచ్చి ఉంటే అది కూడా. తర్వాత పైన చెప్పినట్టు టైముల వరస, ఒక్కో లైనుకు ఒక్కో సంఘటన. ఆ కింద జతపరచిన కాగితాల జాబితా. ప్రశ్నల గురించి ఒక్క ముక్క రాయకండి. "పదిహేడో ప్రశ్నలో ఉండగా" అనవచ్చు కానీ ఆ ప్రశ్న దేని గురించో చెప్పకూడదు. ఎంత కష్టపడి చదివారో, ఫీజు ఎలా కట్టారో కూడా అక్కర్లేదు. నిర్ణయించే మనిషికి దానితో పని లేదు.

చివరి పేరాలో మాత్రం ఏం కావాలో తెగేసి అడగాలి. ఆ అమ్మాయి ఫిర్యాదులో చివరి పేరా అర్థం ఇది:

"అంతరాయం నా అధీనంలో లేని కారణంతో జరిగింది. దయచేసి ఈ సెషన్ వీడియో, చాట్, కనెక్షన్ లాగ్ పరిశీలించండి. ఈ ప్రయత్నాన్ని ఫెయిల్‌గా లెక్కించకుండా రద్దు చేసి, అదనపు ఫీజు లేకుండా మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఇవ్వండి. రీటెస్ట్‌కు మళ్లీ ఆగాల్సిన వ్యవధి నాకు వర్తించదని రాతపూర్వకంగా తెలియజేయండి."

ఆఖరి రెండు వాక్యాలు ఎందుకంటే, సగంలో ఆగిన పరీక్షను సిస్టమ్ అలాగే దిద్దేసి ఫెయిల్ అని చూపించే ప్రమాదం ఉంది. అలా చూపిస్తే మామూలు రీటేక్ నియమాలు మీద పడతాయి. అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ సర్టిఫికేషన్ పరీక్ష ఫెయిలైతే మళ్లీ రాయడానికి 14 రోజులు ఆగాలి. జీఆర్ఈలో అయితే రెండు పరీక్షల మధ్య 21 రోజుల ఎడం ఉండాలి, 12 నెలల్లో ఐదుసార్లకు మించి రాయకూడదు. అప్లికేషన్ల గడువు దగ్గర పడ్డవాళ్లకు ఈ ఎడమే పెద్ద దెబ్బ. "ఫీజు వాపసు ఇవ్వండి లేదా రీటెస్ట్ ఇవ్వండి" అని రెండూ కలిపి రాస్తే వాళ్లకు తేలికైనదే ఇస్తారు. మీకు ఏది కావాలో అదే అడగండి.

మెయిల్ పంపితే సరిపోదు, సంస్థ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు ఫారం ఉంటే అదీ నింపండి. చాట్‌లో మాట్లాడితే మూసేముందు ఆ సంభాషణను దాచుకోండి.

కాదంటే

మొదటి జవాబు చాలాసార్లు తయారుగా ఉన్న జవాబే వస్తుంది: "అభ్యర్థి ఇంటర్నెట్‌కు అభ్యర్థిదే బాధ్యత." అంతటితో వదిలేయకండి. అదే మెయిల్ కింద, కొత్త మెయిల్ కాకుండా, ఏఈ కాగితం జత చేసి, సమస్య ఇంటి కనెక్షన్‌ది కాదు, ఫీడర్‌ది అని చెప్పి పై స్థాయిలో పరిశీలించమని అడగండి. చాలా సర్టిఫికేషన్ పరీక్షల్లో పరీక్ష నడిపే కంపెనీ వేరు, సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీ వేరు. నడిపేవాళ్లు కాదంటే ఇచ్చేవాళ్ల సపోర్ట్‌కు అదే ఫైలు పంపండి.

ఫీజు తీసుకున్న ప్రైవేటు సంస్థ అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. యూనివర్సిటీ, బోర్డు పరీక్షలకు ఆ దారి పెద్దగా పని చేయదు. పరీక్ష నిర్వహించే బోర్డు అభ్యర్థికి సేవలు అమ్మే వ్యాపారి కాదని సుప్రీంకోర్టు 2009లో బిహార్ స్కూల్ ఎగ్జామినేషన్ బోర్డు కేసులో చెప్పింది. యూనివర్సిటీ విద్యార్థులు ముందు పరీక్షల కంట్రోలర్‌కు, ఆ తర్వాత విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లాలి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ ఆ కమిటీ ఉండాలి, దాని మీద అప్పీలుకు అంబుడ్స్‌పర్సన్ ఉండాలి.

రీటెస్ట్ ఇస్తామని మెయిల్ వచ్చాక వెంటనే స్లాట్ బుక్ చేయకుండా ముందు మీ అకౌంట్‌లోకి వెళ్లి చూడండి. పాత ప్రయత్నం ఇంకా ఫెయిల్ అనో, హాజరు కాలేదనో కనిపిస్తుంటే దాన్ని సరి చేయించండి. కూపన్ కోడ్ ఇస్తే దాని ఆఖరి తేదీ చూడండి, అదే పరీక్షకు అదే దేశంలో చెల్లుతుందో లేదో అడగండి. ఇంట్లో కరెంటు అంత నమ్మకంగా ఉండకపోతే రీటెస్ట్‌ను పరీక్ష కేంద్రంలో రాయడానికి మార్చమని ఇప్పుడే అడగండి. ఒకసారి ఇంటి స్లాట్ ఖరారు చేసుకున్నాక మార్చడం కష్టమవుతుంది.